కాళ్ళ మీద నాణేల్లాంటి దురద మచ్చలు: తామరా, ఎగ్జిమానా?

డిసెంబరు చివరికి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో గాలి బాగా పొడిబారుతుంది. పెదవులు పగులుతాయి, కాలి మీద గోటితో గీస్తే తెల్లటి చార పడుతుంది. ఆ రోజుల్లోనే కొందరికి, ముఖ్యంగా యాభై దాటిన మగవాళ్ళకు, మోకాలి కింద కాలి ముందు భాగంలో గుండ్రటి మచ్చలు లేస్తాయి. రూపాయి బిళ్ళంత మొదలై ఒక్కోసారి అరచేతి వెడల్పుకు పెరుగుతాయి. రాత్రి పడుకున్నాక దురద ఆగదు. గోకితే నీరు కారుతుంది, తెల్లవారేసరికి ఆ నీరు ఎండి పసుపు పచ్చని పొక్కు కడుతుంది, పంచె దానికి అతుక్కుపోతుంది. గుండ్రంగా ఉంది, దురద పెడుతోంది కాబట్టి ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు, మందుల షాపతను, అందరూ ఒకే మాట అంటారు: తామర.

చాలాసార్లు అది తామర కాదు. దాని పేరు న్యుములర్ ఎగ్జిమా, మరో పేరు డిస్కాయిడ్ ఎగ్జిమా. తామర శిలీంధ్రం వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఈ ఎగ్జిమా చర్మంలో పుట్టే వాపు. ఇది ఎవరి నుంచీ రాదు, ఎవరికీ అంటదు. ఒకదానికి ఇచ్చే మందు రెండోదానికి పనికిరాదు, కొన్నిసార్లు హాని చేస్తుంది కూడా. అందుకే ట్యూబు మూత తీసే ముందు ఈ రెండింటినీ విడదీయాలి.

విడదీయడానికి ఆకారం సాయపడదు, రెండూ గుండ్రమే. చూడాల్సింది అంచు. శిలీంధ్రం చర్మం పై పొరలోని కెరటిన్‌ను తింటూ బయటివైపు జరుగుతుంది. ఎండుగడ్డికి అంటుకున్న మంట మధ్యలో బూడిద వదిలి అంచు వెంట పాకినట్టే దాని నడక ఉంటుంది. కాబట్టి తామర మచ్చలో అంచు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా, పొట్టు రేగుతూ ఉంటుంది. మధ్య భాగం చాలావరకు తేరుకుని మామూలు చర్మంలా కనిపిస్తుంది. ఎగ్జిమా మచ్చ అలా కాదు. అంచు నుంచి మధ్య దాకా ఒకే తీరుగా ఉంటుంది. ఎండలో కాలు పెట్టి దగ్గరగా చూస్తే గుండుసూది తలంత నీటి పొక్కులు కిక్కిరిసి కనిపిస్తాయి. అవి కలిసిపోయి, చితికి, నీరు కారి, పొక్కు కడతాయి. నీరు కారడం మామూలు తామరలో అరుదు.

చోటు కూడా కొంత చెబుతుంది. తామర ఎక్కువగా గజ్జల్లో, నడుము దగ్గర మొలతాడు, చీర కుచ్చిళ్ళు, ప్యాంటు బిగిసే చోట, చెమట నిలిచే మడతల్లో మొదలవుతుంది. ఎండాకాలం, వానాకాలం దానికి అనుకూలం. అదే తువ్వాలు వాడే భార్యకో పిల్లలకో కూడా ఉంటే అనుమానం తామర వైపే మొగ్గాలి. ఎగ్జిమా రెండు కాళ్ళ మీదా, కొందరికి ముంజేతుల మీదా వస్తుంది. చలికాలంలో పెచ్చరిల్లుతుంది, చుట్టూ ఉన్న చర్మం కూడా పొడిగా పొలుసులు రేగి ఉంటుంది. ఇంట్లో మరెవరికీ ఉండదు.

అయినా కంటి చూపుకు ఒక హద్దు ఉంది. తగ్గుముఖం పట్టిన ఎగ్జిమా మచ్చ మధ్యలో తేరుకుని తామరలా కనబడవచ్చు. స్టెరాయిడ్ పూసిన తామరకు అంచు చెరిగిపోయి ఎగ్జిమాలా కనబడవచ్చు. అప్పుడు తేల్చేది ఒక చిన్న పరీక్ష. మచ్చ అంచు నుంచి బ్లేడు మొండి వైపుతో పొట్టు గీకి గాజు పలక మీద వేస్తారు. దాని మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేస్తే చర్మ కణాలు కరిగిపోతాయి, శిలీంధ్రం ఉంటే దాని కొమ్మలు చీలిన పోగులు మైక్రోస్కోపు కింద మిగులుతాయి. దీనిని కేఓహెచ్ పరీక్ష అంటారు. చర్మ విభాగంలో కూర్చున్న చోటే, అరగంటలోపే అయిపోతుంది. అయితే అప్పటికే శిలీంధ్ర నాశని క్రీము రాసుకుంటూ ఉంటే పోగులు కనిపించకపోవచ్చు. కాబట్టి ఏమేమి రాశారో, ఎన్నాళ్ళు రాశారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. వాడిన ట్యూబులు సంచీలో వేసుకుని వెళ్తే ఇంకా మంచిది.

ఒక మేస్త్రీ కాలు

చాలామందిలో కనిపించే సంగతులన్నీ ఒక మనిషిలో పెట్టి చూద్దాం. దేవరకొండ వైపు పల్లె, వయసు 54, తాపీ మేస్త్రీ. ఏడాదిలో ఎక్కువ భాగం హైదరాబాదు సైట్లలో పని. నవంబరులో కుడి కాలి మీద ఏదో పురుగు కుట్టింది, గోకాడు, అక్కడ ఒక గుండ్రటి మచ్చ మిగిలింది. మందుల షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చారు. మన ఊళ్ళలో ఎక్కువగా అమ్ముడుపోయే రకం అది: ఒకే ట్యూబులో బలమైన స్టెరాయిడ్, శిలీంధ్ర నాశని, యాంటీబయాటిక్ మూడూ కలిపినది. నాలుగైదు రోజుల్లో దురద మాయమైంది. ట్యూబు పక్కన పడేశాడు. పది రోజులకు మచ్చ మళ్ళీ తడిసింది, ఈసారి ఎడమ కాలి మీద కూడా. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక సూది వేశాడు. రెండు వారాలు హాయిగా గడిచింది. మూడో వారానికి ఆరు మచ్చలు, ముందుకంటే ఎర్రగా.

ఇక్కడ ఏం జరిగిందో విడిగా చూడాలి. క్రీములోని స్టెరాయిడ్ ఎగ్జిమాకు సరైన మందే, అందుకే తగ్గింది. కానీ దురద తగ్గడం అంటే వాపు చల్లారడం కాదు. దురద మూడు నాలుగు రోజుల్లో పోతుంది. చర్మం లోపల వాపు పూర్తిగా అణగడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో ఆపితే అదే చోట తిరిగి లేస్తుంది. ఇక ఆ ట్యూబులోని మిగతా రెండు మందులు ఎగ్జిమాకు అక్కరలేదు. పైగా ఇలాంటి క్రీముల్లో తరచుగా ఉండే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొందరికి అలర్జీ తెస్తుంది. పచ్చి చర్మం మీద రోజూ రాస్తే అలర్జీ పుట్టే అవకాశం ఇంకా పెరుగుతుంది. అప్పుడు మందు రాసిన చోటే కొత్త ఎగ్జిమా మొదలవుతుంది, రోగి దాన్ని పాత జబ్బు ముదిరిందనుకుని ఇంకొంచెం ఎక్కువ రాస్తాడు.

సూది సంగతి వేరు. దురదకు ఊళ్ళలో వేసే అలాంటి సూదుల్లో తరచుగా స్టెరాయిడే ఉంటుంది. రక్తంలో స్టెరాయిడ్ ఉన్నంతకాలం ఒళ్ళంతా చల్లబడుతుంది, దిగిపోగానే జబ్బు రెట్టింపుగా ఎగదన్నుతుంది. షుగరు ఉన్నవాళ్ళకు ఆ సూది చక్కెరను ఒక్కసారిగా పెంచుతుంది. ఈ జబ్బుకు స్టెరాయిడ్ సూదిని మొదటి చికిత్సగా వేయడం తప్పని నేను గట్టిగా చెబుతాను.

అదే మేస్త్రీకి నిజంగా తామరే ఉండి ఉంటే ఆ మిశ్రమ క్రీము ఇంకా పెద్ద నష్టం చేసేది. స్టెరాయిడ్ చర్మపు ప్రతిఘటనను అణిచేస్తుంది, ఎరుపు, దురద తగ్గుతాయి, శిలీంధ్రం మాత్రం నిశ్శబ్దంగా పాకుతుంది. దేశమంతటా మొండి తామర పెరిగిపోవడానికి ఇలాంటి క్రీములు ఒక ముఖ్య కారణమని చర్మ వైద్యులు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్రం పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే నిబంధన కిందికి తెచ్చింది కూడా. కౌంటర్ దగ్గర చీటీ అడిగే షాపులు మాత్రం ఇప్పటికీ తక్కువే.

తిరగబడిన పొరపాటూ ఉంది. ఎగ్జిమాను తామర అనుకుని సాలిసిలిక్ ఆమ్లం కలిసిన పాతకాలపు తామర మందు రాస్తే నీరు కారే చర్మం భగ్గుమంటుంది. జిల్లేడు పాలు, వెల్లుల్లి ముద్ద, కిరోసిన్ కూడా అంతే, ఇవన్నీ చర్మాన్ని కాల్చే పదార్థాలు. మచ్చ నల్లబడి పొక్కు కడితే జబ్బు చచ్చిందనుకుంటారు. నిజానికి అది కాలిన పుండు.

నీరు కారే మచ్చను ఆరబెట్టడం, ఆ తర్వాత మందు

చర్మ వైద్యుడి దగ్గర మేస్త్రీ పొట్టు పరీక్షలో శిలీంధ్రం కనబడలేదు.

“దురద పోగానే ఆపేశారా?”

“పోయింది కదా సార్, ఇంకెందుకని ఆపేశాను.”

“చేత్తో తడిమితే చదునుగా, నున్నగా అయ్యేదాకా ఆపకూడదు. లెక్క దురదతో కాదు, మీ వేలితో చూసుకోవాలి.”

నీరు కారే దశలో ఆయింట్‌మెంట్ నిలవదు, జారిపోతుంది. ముందు ఆరబెట్టాలి. దానికి పొటాషియం పర్మాంగనేట్ తడిపట్టీలు వాడతారు. 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి 4 లీటర్ల నీళ్ళలో కరిగిస్తే సరైన పలుచదనం వస్తుంది. మన దగ్గర పలుకుల రూపంలో దొరికేదే ఎక్కువ. అప్పుడు రంగే కొలత: నీళ్ళు లేత గులాబీ రంగులో ఉండాలి. ఊదా రంగు వచ్చిందంటే మందు ఎక్కువైంది, పారబోసి మళ్ళీ కలపాలి. ఒక్క పలుకు కూడా కరగకుండా మిగలకూడదు, అది తగిలిన చోట చర్మం కాలుతుంది. శుభ్రమైన పాత నూలు గుడ్డ అందులో తడిపి మచ్చ మీద 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి, రోజుకు రెండుసార్లు. గోళ్ళు, గుడ్డలు గోధుమ రంగుకు మారతాయి, దానికి భయపడనక్కర్లేదు. సాధారణంగా మూడు నుంచి అయిదు రోజుల్లో నీరు ఆగుతుంది. ఆగగానే పట్టీలు ఆపాలి, కొనసాగిస్తే చర్మం ఇంకా ఎండిపోతుంది. పలుకుల పొట్లం పిల్లలకు అందకుండా పెట్టాలి, అది మింగితే ప్రమాదం.

ఆ తర్వాత అసలు మందు. కాళ్ళ మీది మందపాటి మచ్చలకు తేలికపాటి స్టెరాయిడ్ సరిపోదు. బీటామెథసోన్ వాలరేట్ 0.1 శాతం, మొమెటసోన్ 0.1 శాతం లాంటి బలమైనవి డాక్టరు రాస్తారు. మరీ మొండి మచ్చలకు కొద్ది రోజులు క్లోబెటసాల్ 0.05 శాతం. క్రీము కంటే ఆయింట్‌మెంట్ మేలు, చర్మంలో తేమను పట్టి ఉంచుతుంది, అలర్జీ తెచ్చే నిల్వ రసాయనాలూ దానిలో తక్కువ. స్టెరాయిడ్ అనగానే భయపడి అంటీ అంటనట్టు రాసేవాళ్ళు చాలామంది. ఆ భయం పూర్తిగా అర్థం లేనిది కాదు. ముఖం మీద, గజ్జల్లో బలమైన స్టెరాయిడ్ వాడితే చర్మం పలచబడుతుంది. కాలి ముందు భాగంలో మచ్చ మీద మాత్రమే, చెప్పినన్ని వారాలు మాత్రమే రాస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ.

ఎంత రాయాలన్నది చూపుడు వేలితో లెక్క. ట్యూబు నుంచి వేలి కొస మొదలు మొదటి కణుపు గీత దాకా ఒక పోగు పిండితే దాదాపు అర గ్రాము. పెద్దవాళ్ళ చేతులు రెండు, వేళ్ళతో సహా, కప్పేంత మేరకు అది చాలు. మేస్త్రీ ఆరు మచ్చలూ కలిపితే దాదాపు రెండు చేతుల మేర అవుతుంది. అంటే పూటకు అర గ్రాము, రెండు పూటలా రాస్తే రోజుకు ఒక గ్రాము, మూడు వారాలకు 21 గ్రాములు. చిన్న ట్యూబు ఒకటి కొని నాలుగు రోజుల్లో మానేసిన మనిషికి అసలు చికిత్స మొదలే కాలేదని ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

చదునయ్యాక కూడా ఒక్కసారిగా వదిలేయరు. తరచుగా తిరగబెట్టే వాళ్ళకు పాత మచ్చల చోట్లలో వారానికి రెండు రోజులు, ఉదాహరణకు శని, ఆదివారాలు, కొన్ని నెలలు రాయమని డాక్టరు చెప్పవచ్చు. స్టెరాయిడ్ వద్దనుకున్న చోట టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఉంది, మొదటి రోజుల్లో కాస్త మంట పుడుతుంది. ఒళ్ళంతా పాకి ఏ పూతకూ లొంగని వాళ్ళకు అతినీలలోహిత కాంతి చికిత్స, మెథోట్రెక్సేట్ లాంటివి ఉన్నాయి, అవి పూర్తిగా నిపుణుల చేతిలోని పని.

ఇక్కడే చాలామంది పొరబడే మరో చోటు ఉంది. మన చర్మం రంగులో వాపు తగ్గాక గోధుమ రంగు మరక నెలల తరబడి ఉండిపోతుంది. మచ్చ ఇంకా ఉందనుకుని స్టెరాయిడ్ రాస్తూనే ఉంటారు. కళ్ళు మూసుకుని వేలితో తడమండి. చుట్టూ ఉన్న చర్మంతో సమానంగా నున్నగా తగిలి, దురద లేకపోతే జబ్బు తగ్గినట్టే. రంగు దానంతటదే వదులుతుంది, దాన్ని పోగొట్టడం స్టెరాయిడ్ పని కాదు.

నీళ్ళు, సబ్బు, చలి

మందు వాపును అణుస్తుంది. పొడి చర్మాన్ని అలాగే వదిలేస్తే కొత్త మచ్చ లేవడానికి ఒక చీమ కాటు చాలు. చలికాలంలో దురద పెట్టే కాలి మీద సలసల కాగే నీళ్ళు పోసుకుంటే స్వర్గంలా ఉంటుంది, వేడికి దురద కాసేపు మొద్దుబారుతుంది. కానీ ఆ నీళ్ళు చర్మంలోని సహజ జిడ్డును కడిగేస్తాయి, గంట తిరక్కుండా దురద ఇంకా ఎక్కువవుతుంది. గోరువెచ్చని నీళ్ళు, పది నిమిషాలు, అంతే. కాళ్ళకు సబ్బు దాదాపు అక్కర్లేదు, చంకలకు, గజ్జలకు చాలు. పీచుతో రుద్దకూడదు. బకెట్లో క్రిమినాశక ద్రవం కలుపుకోవడం ఈ జబ్బుకు మేలు చేయదు, చర్మాన్ని చికాకు పెడుతుంది.

తువ్వాలుతో అద్దుకుని, ఒంటి మీద చెమ్మ ఉండగానే, మూడు నాలుగు నిమిషాల లోపు, తేమ పట్టే పూత రాయాలి. సువాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీ అన్నిటికంటే చవక, బాగా పనిచేస్తుంది. కొబ్బరి నూనె రాసుకునే వాళ్ళు కొనసాగించవచ్చు. ఆవనూనె వద్దు. మచ్చల మీదే కాకుండా మోకాలి నుంచి పాదం దాకా రెండు పూటలా రాస్తే రెండు కాళ్ళకూ కలిపి రోజుకు పది గ్రాముల దాకా ఖర్చవుతుంది. స్టెరాయిడ్ రాసిన వెంటనే దీన్ని రుద్దితే మందు పలచబడి పక్క చర్మానికి పాకుతుంది, రెంటి మధ్య అరగంట ఎడం ఉంచాలి.

మన ప్రాంతంలో ఈ మాట వచ్చినప్పుడల్లా ఫ్లోరైడ్ ప్రస్తావన వస్తుంది. నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ వల్ల పడిన బాధ చిన్నది కాదు కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ తాగునీటి ఫ్లోరైడ్ దెబ్బతీసేది పళ్ళను, ఎముకలను. ఈ నాణేల మచ్చలకు అది కారణమని రుజువు లేదు. బోరునీటిలో చర్మానికి ఇబ్బంది పెట్టేది కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, ఎక్కువ రుద్దుతాం, కరగని సబ్బు తెట్టు చర్మం మీద మిగిలిపోతుంది. స్నానానికి మెత్తటి నీళ్ళు దొరికితే వాడుకోండి, దొరకకపోతే సబ్బు తగ్గించండి. రెండోది అందరికీ చేతనైన పని.

మేస్త్రీ విషయంలో డాక్టరు ఇంకొకటి అడిగారు: సిమెంటు పని మానేసి ఊళ్ళో ఉన్న రోజుల్లో మచ్చలు తగ్గుతున్నాయా అని. తడి సిమెంటు క్షారం, అది నేరుగానే చర్మాన్ని ఎండబెడుతుంది. దానితో పాటు దానిలోని క్రోమేట్ కొందరికి అలర్జీ తెస్తుంది. క్రోమియంతో పదును పెట్టిన తోలు బూట్లలో కూడా అదే పదార్థం ఉంటుంది. సరైన మందు సరిపడా రాసినా మచ్చలు తిరిగి తిరిగి వస్తుంటే ప్యాచ్ టెస్ట్ చేయించడం సబబు. అనుమానం ఉన్న పదార్థాలను, నియోమైసిన్‌ను, నికెల్‌ను, క్రోమేట్‌ను, చిన్న పట్టీల మీద వీపుకు అంటిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు, 96 గంటలకు మరోసారి చూస్తారు. ఆ నాలుగు రోజులు వీపు తడవకూడదు, బరువు పని చేయకూడదు. రోజుకూలీకి అది నాలుగు రోజుల జీతం కాబట్టి అందరికీ చేయించమని చెప్పలేను. చేయించుకున్నవాళ్ళకు క్రోమేట్ అని తేలితే మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, పని కాగానే కాళ్ళు కడుక్కోవడం చికిత్సలో భాగమవుతాయి.

ఎగ్జిమా మీద సూక్ష్మజీవి తిష్ఠ వేయడం మామూలే, పసుపు పొక్కు కనబడ్డ ప్రతిసారీ యాంటీబయాటిక్ మాత్రలు అక్కర్లేదు. మచ్చ చుట్టూ ఎరుపు పాకడం, కాలు వాచి వేడెక్కడం, నొప్పి, చీము, జ్వరం కనిపిస్తే మాత్రం ఆ రోజే చూపించుకోవాలి, షుగరు ఉంటే ఇంకా త్వరగా. ఒకే ఒక మచ్చ ఉండి, సరైన మందు నెల రాసినా కదలకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఎందుకంటే చర్మ క్యాన్సరు తొలి దశ ఒక్కోసారి ఇలాగే ఎర్రటి పొలుసుల మచ్చలా ఉంటుంది. దురద లేకుండా, తాకితే స్పర్శ తెలియకుండా, చుట్టూ చర్మం కంటే వెలిసినట్టున్న మచ్చ అయితే ఈ వ్యాసంలో చెప్పిన మందులేవీ దానికి వర్తించవు. అది కుష్టు కావచ్చు. దూది కొసతో మచ్చ మీదా, పక్కనా తాకించి తేడా గమనించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. దానికి మందులు అక్కడ ఉచితంగా ఇస్తారు.